పాట లేని చీటీ

కిందటి నెల మన క్లబ్ మీటింగ్‌లో నేనొక కథ చదివాను. మా ఇంటి కథే, పేర్లు తీసేశానంతే. చదవడం పూర్తయ్యాక ఒక సీనియర్ అడిగిన ప్రశ్న ఇంకా చెవిలో మోగుతూనే ఉంది. "తమ్ముడూ, అంతా బానే ఉంది గానీ, కుర్రాడికి ఉద్యోగం వచ్చేసిన తర్వాత కథ మొదలుపెట్టావేంటి? కథ అక్కడ అయిపోవాలి కదా?"

అందరూ తలూపారు. నేనూ నవ్వేసి కూర్చున్నాను. కానీ ఇంటికి వెళ్తూ గురుద్వారా జంక్షన్ దగ్గర బస్సు దిగి నడుస్తుంటే అనిపించింది, గొడవంతా ఆ ప్రశ్నలోనే ఉందని. పేదింటి పిల్లాడు చదువుకున్నాడు, ఆఫర్ లెటర్ వచ్చింది, అమ్మ కళ్లు తుడుచుకుంది, శుభం. మనం చదివే కథలూ, చూసే సినిమాలూ ఎక్కువగా అక్కడే ఆగిపోతాయి. మొదటి జీతం పడిన తర్వాత ఆ కుర్రాడు ఆ డబ్బుతో ఏం చేస్తాడన్నది ఎవరికీ కథగా కనబడదు. నా అభిప్రాయం ఏంటంటే, మనలాంటి ఇళ్లలో అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. అందుకే ఆ కథలో నేను సరిగ్గా చెప్పలేకపోయినదాన్ని ఇక్కడ లెక్కలతో సహా చెప్తాను.

కథలో కుర్రాడు మా అన్నయ్య. మా ఇంట్లో మొదటి గ్రాడ్యుయేట్. నాన్న పోర్టులో కాంట్రాక్టు కింద కళాసీ పని చేసేవారు. ఓడ ఉంటే పని, పని ఉంటే కూలి. ఓడ లేని వారం ఇంట్లో మాటలు కూడా తగ్గిపోయేవి. అమ్మ సీతమ్మధారలో మేముండే రెండు గదుల పోర్షన్‌లోనే మిషన్ కుడుతుంది. రైతు బజార్‌కి పొద్దున్న వెళ్లదు, సర్దేసే వేళకి వెళ్తుంది. మిగిలిపోయిన కూరలు అప్పుడైతే చవగ్గా వస్తాయి. మేం పెరిగింది ఆ లెక్కల్లోనే. చేతిలో ఉన్న రూపాయిని ముట్టుకోకూడదు, రేపు ఏమవుతుందో తెలీదు. ఓడ రాని వారాల్లో మమ్మల్ని బతికించింది ఆ పద్ధతే, కాబట్టి దాన్ని నేను తప్పు పట్టను.

2022 జూలైలో అన్నయ్య ఇక్కడే ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరాడు. పీఎఫ్ పోగా చేతికి 31,000. అందులో 15,000 ఇంటికి ఇచ్చేవాడు. బస్సు, తిండి, ఫోను కలిపి తనకి ఎనిమిది వేలు. మిగిలిన ఎనిమిది వేలలో చిన్నా చితకా పోగా సగటున 7,300 సేవింగ్స్ అకౌంట్లో అలాగే పడి ఉండేది. ఇరవై నెలల్లో, అంటే 2024 మార్చికల్లా, అది 1,46,000 అయింది. మా వంశంలో అంత డబ్బు ఒకేచోట ఎవరూ చూసి ఉండరు. అన్నయ్య రోజూ రాత్రి పడుకునే ముందు ఫోన్‌లో బ్యాలెన్స్ చూసుకునేవాడు. ఖర్చు పెట్టడానికి కాదు, ఉందో లేదో చూసుకోడానికి.

మరి ఆ ఇరవై నెలలూ ఎలా బతికాడు? పన్ను పుచ్చింది, లవంగం పెట్టుకుని తిరిగాడు. మొదట్లోనే వెళ్లుంటే కొన్ని వందల్లో ఫిల్లింగ్‌తో పోయేది. ఆలస్యం చేసేసరికి రూట్ కెనాల్, పైన క్యాప్, మొత్తం 7,500 అయింది. మూడు వందల చెప్పులు కొని ఏడాదికి మూడుసార్లు మార్చాడు. ఆటోకి పది రూపాయలు మిగులుతాయని వర్షంలో అక్కయ్యపాలెం నుంచి నడిచొచ్చి ఫోన్ తడిపేసుకున్నాడు. ఇవన్నీ మనలో చాలామందికి తెలిసినవే. పొదుపు అనుకుని చేస్తాం, చివరికి ఎక్కువ ఖర్చవుతుంది.

అసలు దెబ్బ ఇంకోటుంది. అన్నయ్య ఫైనలియర్ ఫీజు కోసం అమ్మ తన నాలుగు గాజులు బ్యాంకులో పెట్టి 70,000 తెచ్చింది. వడ్డీ దాదాపు నూటికి రూపాయి, అంటే నెలకి 700, ఏడాదికి 8,400. గోల్డ్ లోన్ గడువు ఏడాది. అసలు కట్టలేనివాళ్లు వడ్డీ మాత్రం కట్టి తిరగరాయించుకుంటారు. అమ్మ బ్లౌజులు కుట్టి ఆ వడ్డీ కట్టుకుంటూ వచ్చింది. అన్నయ్య అకౌంట్లో లక్షా నలభై ఆరు వేలు పడుంది, అమ్మ గాజులు బ్యాంకు లాకర్లో ఉన్నాయి, వడ్డీ మాత్రం నడుస్తోంది. ఒకే ఇల్లు!

ఈ మాట నేను అన్నయ్యతో అన్న రోజు నాకు బాగా గుర్తుంది. వాడు కోప్పడలేదు. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అది అమ్మ చూసుకుంటోంది కదరా. ఇది తీసేస్తే నా దగ్గరేం ఉంటుంది?" అన్నాడు.

లెక్క చూద్దాం. ఇరవై నెలల వడ్డీ 14,000. అదే ఇరవై నెలల్లో ఖాళీ నుంచి మెల్లగా పెరిగిన అన్నయ్య అకౌంట్లో సగటున 73,000 ఉందనుకుంటే, ఏడాదికి మూడు శాతం లెక్కన వేసినా వచ్చిన వడ్డీ 3,650. ఆ డబ్బుని ముట్టుకోకుండా కాపలా కాసినందుకు మా ఇల్లు కట్టిన రుసుము సుమారు పది వేలు. అన్నయ్య బీటెక్‌లో గణితం బాగా చేసినవాడే. లెక్క రాక కాదు, ఆ రెండు అంకెల్ని ఒకే కాగితం మీద పెట్టే ధైర్యం లేక.

దీని మీద సెంధిల్ ములైనాథన్, ఎల్డార్ షఫీర్ అనే ఇద్దరు 2013లో 'స్కేర్సిటీ' అని ఒక పుస్తకం రాశారు. అదే ఏడాది వాళ్లు మరో ఇద్దరితో కలిసి 'సైన్స్' పత్రికలో ఒక పరిశోధన కూడా వేశారు. అది జరిగింది మన పక్కనే, తమిళనాడులో. 464 మంది చెరకు రైతులకి కోతకి ముందు ఒకసారి, కోత డబ్బులు చేతికొచ్చాక ఒకసారి బుద్ధికి పని చెప్పే పరీక్షలు పెట్టారు. అదే రైతు డబ్బుకి కటకటగా ఉన్నప్పుడు తక్కువ మార్కులు, డబ్బు వచ్చాక ఎక్కువ మార్కులు తెచ్చుకున్నాడు. లేమి మనసంతా ఆక్రమించుకుంటుందనీ, మిగతా విషయాలకి చోటు మిగలదనీ వాళ్ల వాదన.

ఇక్కడే నాకొక చిన్న పేచీ ఉంది. ఆ రైతుకి డబ్బు రాగానే మనసు తేలికైంది. మా అన్నయ్యకి ఇరవై నెలలు జీతం పడినా తేలిక కాలేదు. రైతుకి కోత ప్రతి ఏడాదీ వచ్చేదే, అలవాటే. మొదటి తరం ఉద్యోగికి నెలనెలా డబ్బు రావడమే కొత్త. లోపలెక్కడో వాడింకా ఓడ కోసం చూస్తూనే ఉంటాడు. జీతం ఒకటో తారీఖున పడుతుంది, నమ్మకం మాత్రం పడదు. ఆ నమ్మకం మాటలతో రాదు, డబ్బుని సర్దే పద్ధతితో వస్తుందని నేను మా ఇంట్లో చూశాను.

ఆ మార్చిలో అన్నయ్య చేసింది ఇది. ముందు గాజులు విడిపించాడు. అసలు 70,000, అప్పటికి బాకీ ఉన్న వడ్డీ 5,600, మొత్తం 75,600. ఈ పని ముందే ఎందుకంటే, నూటికి రూపాయి వడ్డీ అప్పు తీర్చడమంటే ఏడాదికి పన్నెండు శాతం ఖాయంగా సంపాదించినట్టే. అనుమానం లేకుండా అంత ఇచ్చే పెట్టుబడి ఏ బ్యాంకులోనూ దొరకదు. తర్వాత పన్ను చూపించుకున్నాడు. అవన్నీ పోగా దాదాపు 63,000 మిగిలింది. అందులో 60,000 ఫిక్స్‌డ్ డిపాజిట్ చేశాడు. అయితే ఒకటిగా కాదు, ఇరవై వేల చొప్పున మూడు. ఏదైనా అవసరం వస్తే ఒకటే విరగ్గొడితే చాలు, మిగతా రెండూ కదలవు. ఇల్లూ తన ఖర్చూ కలిపి నెలకి 23,000, అంటే ఆ డబ్బు రెండున్నర నెలలు నడుస్తుంది. అన్నయ్య వాటికి పెట్టిన పేరు 'ఓడ రాని డబ్బు'.

నిజంగా మార్పు తెచ్చింది ఆ మూడు డిపాజిట్లే అంటాను. అంతకుముందు 1,46,000 ఉన్నా, అది దేనికోసం ఉందో పేరు లేదు. పేరు లేని డబ్బులోంచి ఏం తీసినా భద్రతలోంచి తీసినట్టే ఉంటుంది, చెప్పులు కొన్నా సరే. భయానికి విడిగా ఒక మూట కట్టి పక్కన పెట్టేశాక, మిగిలినదాన్ని ముట్టుకోవడం కొంచెం సులువైంది.

ఆ తర్వాత నెలనెలా మిగిలే ఎనిమిది వేలని నాలుగు భాగాలు చేశాడు. పండగలూ, లాప్‌టాప్ లాంటి తెలిసిన ఖర్చుల కోసం 2,000 రికరింగ్ డిపాజిట్. ఆ మూడు నెలల మూట నిండేదాకా 1,500 దానిలోకి. మరో 3,000 నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్‌లో సిప్, డైరెక్ట్ ప్లాన్. మిగిలిన 1,500 ఖర్చు పెట్టి తీరాలి. అవును, పొరపాటున రాయలేదు. నెలాఖరుకి ఆ 1,500 మిగిలిపోతే వాడి నియమం ప్రకారం అది ఓటమి.

ఈ నాలుగో భాగమే అన్నిటికంటే కష్టమైంది. మొదటి నెల ముప్ఫయ్యో తారీఖు వచ్చినా ఒక్క రూపాయి ఖర్చవలేదు. ఆ సాయంత్రం అమ్మని తీసుకెళ్లి మంచి చెప్పులు కొన్నాడు, 1,150. అమ్మ షాపులోనే మొదలెట్టింది. "ఏట్రా ఇది? డబ్బులేటి చెట్టుకి కాస్తన్నాయా? పాతవి సుబ్బరంగున్నాయి." పాతవాటికి రెండు చోట్ల పిన్నీసు పెట్టుంది. అన్నయ్య ఏమీ అనలేదు, పాతవి షాపులోనే వదిలేయించాడు. అమ్మ వారం రోజులు కొత్తవి అట్టపెట్టెలోనే దాచింది. ఆ చెప్పులకి ఇప్పుడు ఏడాదిన్నర దాటింది, ఇంకా వేసుకుంటోంది. మూడు వందలవైతే ఈపాటికి ఐదో జత అయ్యుండేది.

సిప్ గురించి అమ్మకి చెప్పడం ఇంకో కథ. షేర్లు అనగానే, "మునిగిపోద్ది" అంది. అప్పుడు అన్నయ్య అమ్మ చీటీ దగ్గర్నుంచి మొదలుపెట్టాడు. మా వీధిలో ఇరవై మంది ఆడవాళ్లు నెలకి రెండేసి వేలు వేస్తారు, చీటీ నలభై వేలు. అవసరమున్నవాళ్లు పాట పాడతారు. ఒకామె ఏడు వేలు తగ్గించుకుని 33,000కి పాడుకుందనుకోండి. ఆ ఏడు వేలలో నడిపే ఆవిడకి రెండు వేలు పోగా, మిగిలిన ఐదు వేలు ఇరవై మందికీ పంచితే తలా 250. ఆ నెల అందరూ 1,750 కడితే చాలు. అవసరం ఉన్నవాళ్లు నష్టపోతారు, ఆగగలిగినవాళ్లు లాభపడతారు. అమ్మకి ఈ లెక్క నోటికొచ్చు. ఏ ఎంబీఏ చెప్పక్కర్లేదు.

"ఇదీ అలాంటిదేనమ్మా, నెలనెలా వాయిదా. కాకపోతే పాట ఉండదు, ఎత్తేసే రోజు నువ్వే చెప్పుకుంటావు. దేశంలో యాభై పెద్ద కంపెనీల్లో తలా కొంచెం వాటా వస్తుంది" అన్నాడు. అమ్మ కాసేపు ఆలోచించి, "మరి నడిపేవాళ్లు పారిపోతే?" అంది. చీటీల ఊళ్లో పెరిగినవాళ్లు వేయాల్సిన మొదటి ప్రశ్న అదే. ఫండ్‌లో షేర్లు విడిగా కస్టోడియన్ దగ్గర ఉంటాయి, పైన సెబీ ఉంది, కాబట్టి చీటీలాగా ఎత్తుకుపోవడం కష్టం. కానీ విలువ పడిపోవడం మాత్రం ఉంది, అది దాచకూడదు. అన్నయ్య దాచలేదు. 2020 జనవరిలో 12,300 పైన ఉన్న నిఫ్టీ కోవిడ్ భయంతో మార్చి 23కి 7,600 దగ్గరికి దిగిపోయిందని చెప్పాడు. అంటే రెండు నెలల్లో లక్ష కాస్తా అరవై రెండు వేలు.

వాడికి సొంత అనుభవం కూడా త్వరగానే వచ్చింది. 2024 జూన్‌లో మొదలెట్టాడు. సెప్టెంబర్ చివర్లో నిఫ్టీ 26,200 దాకా వెళ్లింది, 2025 మార్చి మొదటి వారానికి 22,100 దగ్గరికి వచ్చేసింది. తొమ్మిది వాయిదాలు, 27,000 కట్టాడు. ఫోన్‌లో ఎర్రగా 24,800 చిల్లర కనబడింది. ఆ రాత్రి మళ్లీ పాత అన్నయ్య అయిపోయాడు. తీసేద్దామా అని నన్నడిగాడు. నేను ఒక్కటే అడిగాను, "ఈ డబ్బు ఈ ఏడాదిలో ఎందుకైనా కావాలా?" అని. అక్కర్లేదు, ఓడ రాని డబ్బు విడిగా ఉంది. మరుసటి రోజు ఐదో తారీఖు, వాయిదా కట్ అయింది, అదే మూడు వేలకి కొంచెం ఎక్కువ యూనిట్లు వచ్చాయి. ఆ మూడు డిపాజిట్లు లేకపోతే వాడు కచ్చితంగా ఆ రాత్రే తీసేసుండేవాడు. అందుకే చెప్తున్నా, సిప్ ముందు కాదు, మూట ముందు.

ఇందులో అద్భుతాలేం లేవు. నెలకి మూడు వేలు పదేళ్లు కడితే 3,60,000 అవుతుంది. సగటున ఏడాదికి ఆరు శాతం పెరిగితే 4,90,000 చిల్లర, పది శాతం పెరిగితే 6,14,000. ఏది వస్తుందో ఎవరూ ముందు చెప్పలేరు. చిన్న చిన్న ఇబ్బందులూ ఉంటాయి. ఐదో తారీఖున అకౌంట్లో డబ్బు లేకపోతే వాయిదా తిరిగొస్తుంది, బ్యాంకు జరిమానా వేస్తుంది. వరసగా మూడు నెలలు అలా జరిగితే సిప్ రద్దయిపోతుంది. అందుకే జీతం పడిన నాలుగైదు రోజుల్లోనే తారీఖు పెట్టుకోవాలి.

మన హాస్టళ్ల గురించి కూడా ఒక మాట. లేమిలోంచి వచ్చినవాడికి రెండో గుంట కూడా ఉంటుంది. మెల్లగా కూడబెడితే ఎప్పటికయ్యేను, ఒక్క దెబ్బలో తేల్చేద్దాం అనిపిస్తుంది. ఆప్షన్స్ ట్రేడింగ్ స్క్రీన్‌షాట్లు మన గ్రూపుల్లో ఎన్ని తిరుగుతున్నాయో మీకు తెలుసు. 2022 నుంచి 2024 దాకా మూడు ఆర్థిక సంవత్సరాలు చూసి, ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్‌లో దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని సెబీయే 2024 సెప్టెంబర్‌లో చెప్పింది. నష్టపోయినవాళ్లు స్క్రీన్‌షాట్ పెట్టరు. అకౌంట్లో డబ్బు ముట్టుకోలేని భయం, ఒకేసారి మొత్తం పెట్టేసే తెగువ, రెండూ ఒకే ఇంటి పిల్లలు. రెండింటికీ వచ్చే నెల జీతం మీద నమ్మకం లేదు.

మీటింగ్‌లో ఇంకో అభ్యంతరం వచ్చింది. "ఇంట్లో చెల్లి పెళ్లి ఉంది, నాన్న ఆపరేషన్ ఉంది, అక్కడ సిప్ ఎక్కడ్నుంచి వస్తుంది?" అని. న్యాయమైన మాట. పదిహేను వేల జీతంతో నలుగురిని పోషించేవాడికి ఈ వ్యాసం పనికిరాదు, వాడికి కావాల్సింది ఎక్కువ జీతం, సలహా కాదు. మా అన్నయ్య కూడా ఇంటికిచ్చే 15,000 తగ్గించలేదు. అది మొదటి వాయిదా, దాని తర్వాతే మిగతావన్నీ. నేను మాట్లాడుతున్నది ఆ మిగిలిన ఎనిమిది వేల గురించే. అవి చిన్నవని వదిలేస్తాం, లేదా భయంతో గడ్డకట్టిస్తాం.

ఇక ఆ సీనియర్ ప్రశ్నకి నా జవాబు. అన్నా, ఆఫర్ లెటర్ దగ్గర కథ ఆపేస్తే, అమ్మ గాజులు బ్యాంకులోనే ఉండిపోతాయి. అందుకే నేను అక్కడ మొదలుపెట్టాను.

నాకు కూడా మొన్న ప్లేస్‌మెంట్ వచ్చింది. వచ్చే జూలైలో చేరాలి. అమ్మ అప్పుడే అడిగింది, "కొత్త చీటీ మొదలెడతన్నాం, నీ పేరు కూడా రాయించేయనా?" అని. రాయించమన్నాను. పదకొండేళ్లుగా ఆ చీటీ నడిపే ఆవిడ ఒక్కసారి కూడా మాట తప్పలేదు. అయినా అది రిజిస్టరైన చీటీ కాదు, అందుకని రెండు వేలకి మించి వేయను. ముందు మూడు నెలల మూట, తర్వాత పాట లేని చీటీ, పక్కన ఖర్చు పెట్టి తీరాల్సిన వెయ్యి. ఆ మొదటి వెయ్యితో ఏం కొనాలో కూడా అనుకున్నాను. అమ్మ కుట్టు మిషన్ దగ్గర బల్బు మసగ్గా ఉంటోంది. సూదిలోకి దారం ఎక్కించడానికి గుమ్మంలోకి వెళ్తోంది. మంచి ల్యాంపు ఒకటి తేవాలి. ఎలాగూ తిడుతుంది.